మణెమ్మ చూడని కాలు

అమరచింతలో ఆశా కార్యకర్తగా మణెమ్మకు పదిహేడేళ్ల అనుభవం ఉంది. అంతకుముందు పాలమూరు లేబర్‌లో పుట్టి పెరిగిన పిల్ల. తల్లిదండ్రులు కాలువల పనికి ఏ ఊరు పోతే ఆ ఊరి గుడిసెల్లోనే ఉండి, ఎనిమిదో తరగతి వరకు ఎట్లాగో చదివింది. ఆశీర్వాదం అనే అతనితో పెళ్లయ్యాక ఒకచోట స్థిరపడింది. ఆశా పని దొరికినప్పుడు ఆ ఎనిమిదో తరగతే అక్కరకొచ్చింది.

ఏ గర్భిణి ఇంటికి పోయినా ముందు ఆమె పాదాల దగ్గరే కూచునేది. చీర కుచ్చిళ్లు కొంచెం పైకి జరిపి, చీలమండ మీది ఎముకపై బొటనవేలితో నొక్కి, గుంట ఎంత లోతు పడిందో, ఎంతసేపటికి పూడుతుందో చూసేది. నర్సమ్మ శిక్షణలో చెప్పింది ఒక్కసారే. మిగతాదంతా ఆమె వేలు నేర్చుకుంది.

శ్రావణి మొదటి కాన్పుకి గద్వాల నుంచి పుట్టింటికి వచ్చినప్పుడు ఎనిమిదో నెల. భర్త అనిల్ అక్కడే చీరలు నేస్తాడు. శ్రావణి కూడా ఏడో నెల దాకా మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూచున్నదే. తండ్రి లేడు. తల్లి ఎంకమ్మ ఇక్కడ ఇంట్లోనే నూలు చుట్టే పని చేస్తుంది. మణెమ్మ ఇల్లూ ఆ వీధి చివరే.

"మణెమ్మత్తా, పొద్దుగూకేసరికి చెప్పులు పట్టవు. పండుకుంటే పిక్కలు గుంజుకపోతయి, పానం పోయినట్లయితది" అంది శ్రావణి, అరుగు మీద కాళ్లు చాపి.

మణెమ్మ రెండు కాళ్లూ నొక్కి చూసింది. రెండింటా ఒకే తీరు మెత్తటి వాపు. నొప్పి లేదు, వేడి లేదు.

"తెల్లారి లేస్తే ఎట్లుంటయి?"

"తగ్గిపోతయి."

"మొకం ఉబ్బుతుందా? చేతులు? తలకాయ నొస్తుందా, కండ్లు మసక మసక అయితున్నయా?"

"ఏం లేదు."

మొన్న ఆరోగ్య కేంద్రంలో చూసిన బీపీ మామూలుగానే ఉంది. మూత్ర పరీక్షలోనూ తేడా లేదు. మణెమ్మకు ధైర్యం వచ్చింది.

"గిది అందరికి వచ్చేదే బిడ్డా. ఎడమ పక్కకు తిరిగి పండుకో. కాళ్ల కింద దిండు పెట్టుకో. నీళ్లు బాగ తాగు. పిక్క పట్టేస్తే మడమ ముందుకు చాపి, వేళ్లను నీ దిక్కు గుంజు. కొంచెం సేపట్ల ఇడుస్తది." పక్కనే నిలబడ్డ ఎంకమ్మతో అంది, "కాన్పయినంక గూడ కొన్ని దినాలు వాపుంటది అక్కా. పరేషాన్ గాకు."

ఎంకమ్మ తల ఊపింది. ఆ మాట ఆమె మనసులో గట్టిగా నాటుకుంది.

వనపర్తి పెద్ద దవాఖానలో శ్రావణికి ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. ఆరో రోజు ఇంటికి పంపారు. ఏడో రోజు మణెమ్మ వచ్చింది. పిల్లను గుడ్డ ఊయల్లో వేసి తూకం చూసింది, జ్వరం చూసింది, బొడ్డు చూసింది, పాలు పట్టే తీరు చూసింది. శ్రావణి మంచం మీద మెడ వరకు దుప్పటి కప్పుకొని ఉంది. కిటికీలు మూసి ఉన్నాయి.

"కుట్లు మంచిగున్నయా? జ్వరం గిట్ల వచ్చిందా?"

"లేదత్తా."

"నీళ్లు తాగుతున్నవా?"

శ్రావణి తల్లి వైపు చూసింది. ఎంకమ్మ జవాబిచ్చింది. "ఇయ్యాల రేపట్ల ఎక్కువ తాపద్దు. పచ్చి పొట్ట. నీళ్లు తాగితే పొట్ట పెరుగుతది, పిల్లకు సల్వ చేస్తది."

"గట్లేం కాదక్కా. బాలింతకు నీళ్లు కావాలె. పొద్దుగాల్ల, మాపటికి లేపి ఇంట్లనే నాలుగడుగులు నడిపియ్యి."

"సరే" అంది ఎంకమ్మ. ఆ సరే అనడం ఎంతవరకో మణెమ్మకు తెలుసు. కానీ ఆ రోజు ఇంకా ఆరిళ్లు ఉన్నాయి. పిల్ల వివరాలు రాసే కాగితం నింపుకొని లేచింది. దుప్పటి తీసి తల్లి కాళ్లు చూడాలని ఆమెకు తోచలేదు. నింపే కాగితంలో ఆ ప్రశ్నా లేదు.

పదో రోజు శ్రావణి ఎడమ పిక్కలో నొప్పి మొదలైంది. పిక్క పట్టడం ఆమెకు కొత్త కాదు కాబట్టి వేళ్లు తన వైపుకి లాగి చూసింది. పట్టు వదల్లేదు. మరుసటి రోజుకి మోకాలి కింద బిగువుగా ఉబ్బింది.

"బాలింత కాలు, వాపుంటది. మణెమ్మనే చెప్పింది" అంది ఎంకమ్మ. నువ్వుల నూనె కాచి, గోరువెచ్చగా అయ్యాక, కూతురి కాలిని ఒడిలో పెట్టుకొని పాదం నుంచి తొడ దాకా రుద్దింది. ప్రేమగానే రుద్దింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మూడు రోజులు. మణెమ్మకి కబురు పెడదామని శ్రావణి ఒకసారి అంది. ఎట్లాగూ పిల్లను తూచడానికి పద్నాలుగో రోజు ఆమె వస్తుంది కదా అని ఇద్దరూ ఊరుకున్నారు.

పద్నాలుగో రోజు పొద్దున పదింటికి మణెమ్మ గుమ్మంలో అడుగు పెట్టేసరికి శ్రావణి గోడ పట్టుకొని కుంటుతూ వస్తోంది.

"ఏమైంది బిడ్డా?"

"కాలు కింద మోపరాదు అత్తా."

మణెమ్మ సంచి కింద పెట్టింది. మంచం మీద కూచోబెట్టి చీర మోకాళ్ల పైకి జరిపింది. కుడికాలు సన్నగా, ఎప్పటిలాగే ఉంది. ఎడమది వేరే మనిషి కాలులా ఉంది. చర్మం సాగి మెరుస్తోంది, ఎర్రబారి ఉంది. అరచేయి ఆనిస్తే జ్వరం వచ్చిన ఒంటిలా వేడిగా తగిలింది. ఎంకమ్మ నూలు చుట్టే కండె నుంచి మణెమ్మ ఒక పోగు తెంపి కుడి పిక్క చుట్టూ తిప్పి కొలిచింది. అదే పోగును ఎడమ పిక్క చుట్టూ తిప్పితే కొసలు కలవలేదు. మూడు వేళ్ల సందు మిగిలింది.

"తెల్లారి తగ్గుతలేదా?"

"ఎప్పుడు తగ్గుతలేదు."

"ఎన్ని దినాలయింది?"

"నాలుగు."

ఎంకమ్మ నూనె గిన్నెతో వచ్చింది. మణెమ్మ చేయి అడ్డం పెట్టింది. "రుద్దకక్కా. ముట్టకు."

"ఏంది, నువ్వే కదా చెప్పినవ్ కాన్పయినంక వాపుంటదని."

"రెండు కాళ్లకు ఉంటది. గిది ఒక్కదానికే వచ్చింది. నెత్తురు గడ్డ కట్టి ఉంటది లోపల."

చెబుతూనే 108కి ఫోన్ చేసింది. బండి ఆత్మకూరు నుంచి రావాలన్నారు. ఆ ఎదురుచూపులోనే శ్రావణి రెండుసార్లు పొడి దగ్గు దగ్గింది.

"దగ్గు ఎప్పటి నుంచి?"

"పొద్దుగాల నుంచి. ఊపిరి తీస్తే గీడ పొడుస్తున్నట్లు ఉంది" అని ఛాతీ పక్కన చూపించింది.

 గడ్డ ముక్క తెగి ఊపిరితిత్తుల్లోకి పోతే ఏమవుతుందో నర్సమ్మ చెప్పినప్పుడు మణెమ్మ విన్నది. అంతవరకు ఎప్పుడూ చూడలేదు. శ్రావణిని కదలనివ్వలేదు. వెనక దిండ్లు పెట్టి ఆనించింది. బండి వచ్చాక ఇద్దరు స్ట్రెచర్ మీదే ఎత్తుకున్నారు. చంటిపిల్లను పక్కింటి అమూల్యకు అప్పగించి ఎంకమ్మ ఎక్కింది, వెనకే మణెమ్మ ఎక్కింది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు.

కొత్తకోట దాటాక శ్రావణి, "అత్తా, పిల్లకు పాలు తాపే టైమ్ అయితుంది" అంది. అదే ఆమె పూర్తిగా మాట్లాడిన చివరి మాట.

వనపర్తిలో ఆలస్యం చేయలేదు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ కాలు చూసింది, ఛాతీ విన్నది, స్కాన్ కోసం ఆగకుండానే నెత్తురు పల్చబడే ఇంజెక్షన్ ఇప్పించింది. మహబూబ్‌నగర్‌కి పంపడానికి ఫోన్‌లో మాట్లాడుతుండగానే శ్రావణి పెదవులు నీలంగా మారాయి. ముగ్గురు వంతులవారీగా ఛాతీ నొక్కారు. మధ్యాహ్నం ఒంటిగంట ఇరవైకి ఆపేశారు.

డాక్టరమ్మ బయటికి వచ్చి గోడకానుకొని ఉన్న ఎంకమ్మ దగ్గర కూచుంది. ఎంకమ్మ ఏడవలేదు. తన చేతులు చూసుకుంటూ అడిగింది.

"నేను నూనె పెట్టి రుద్దిన మేడం. దానికే అయిందా?"

"అట్ల అని చెప్పలేము అమ్మా. రుద్దకూడదు, నిజమే. కానీ రుద్దకపోయినా గడ్డ తెగొచ్చు. ఆపరేషన్ అయినవాళ్లకి, మంచం మీదే ఉన్నవాళ్లకి ఈ భయం ఆరు వారాలు ఉంటుంది. మొదటి రోజే తెచ్చి ఉంటే..." 

పన్నెండు రోజులకి ఆరోగ్య కేంద్రంలో విచారణ పెట్టారు. బల్ల అవతల ముగ్గురు అధికారులు. తప్పు పట్టడానికి కాదు, కారణం తెలుసుకోవడానికేనని మొదటే చెప్పారు.

"ఏడో రోజు తల్లిని పరీక్షించినవా?"

"కుట్లు, జ్వరం అడిగిన సార్."

"కాళ్లు?"

"చూడలే."

అలాగే రాసుకున్నారు. ఏడో రోజు కాలికి వాపే లేదని, చూసినా కనిపించేది కాదని మణెమ్మకు తెలుసు. చెప్పబోయి ఆగిపోయింది. చెప్పినా ఎవరికోసం?

ఇరవై ఎనిమిదో రోజు పిల్లను తూచాలి. ఆ ఇంటికి పోక తప్పదు. అనిల్ వచ్చి నాలుగు రోజులుండి, పిల్ల పాలపీక పట్టేదాకా అత్త దగ్గరే ఉంచుతానని వెళ్లిపోయాడు. ఎంకమ్మ పిల్లను అందించింది. మణెమ్మ తూచి, రాసుకొని, తిరిగి ఇచ్చింది. సంచి సర్దుకుంటుండగా ఎంకమ్మ అడిగింది.

"రెండు కాళ్లు వాస్తే ఏం కాదు, ఒక్కటే వాస్తే చెప్పుండ్రి అని గప్పుడు ఒక్కమాట ఎందుకు చెప్పకపోతివి మణెమ్మా?"

కోపంగా అడగలేదు. తెలుసుకోవాలనే అడిగింది. మణెమ్మ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. అరుగు గుర్తుంది, చాపిన కాళ్లు గుర్తున్నాయి. ముఖం ఉబ్బుతుందా అని, తలనొప్పి ఉందా అని అడిగింది గుర్తుంది. ఒక్క కాలు సంగతి చాలామందికి చెప్పింది. శ్రావణికి చెప్పిందో లేదో గుర్తు లేదు.

"తెల్వదక్కా" అంది.

ఎంకమ్మ పిల్లను భుజాన వేసుకొని లోపలికి పోయింది.

ఆ తర్వాత ప్రతి ఇంట్లో మణెమ్మ అదే చెప్పసాగింది. ఒక్క కాలే వాచి, వేడిగా ఉండి, తెల్లారినా తగ్గకపోతే రుద్దొద్దు, ఆగొద్దు, వెంటనే ఫోన్ చేయండని. కొందరు విన్నారు. కొందరు ముఖం తిప్పుకున్నారు. కడుపుతో ఉన్న పిల్ల ముందు చావు మాటలేందని అత్తలు విసుక్కున్నారు. శ్రావణి చనిపోయింది మణెమ్మ చెప్పిన మాట వినే అని వీధిలో ఎవరో అన్నారు. అది అటూ ఇటూ తిరిగి ఆమె చెవికే చేరింది.

మొన్న బాలింత అఖిల ఇంటికి పోతే, మేనత్త గడప దగ్గరే నిలబడింది.

"పండుకుంది. మంచిగనే ఉంది."

"ఒక్కసారి కాళ్లు చూసి పోత."

"కాళ్లు మంచిగనే ఉన్నయి. మేం చూస్తలేమా?"

లోపల నుంచి నూనె కాగుతున్న వాసన వస్తోంది. అది కాలికో, తలకో, కూరకో తెలియదు. మణెమ్మ ఫోన్ నంబర్ మళ్లీ చెప్పింది. మేనత్త రాసుకోలేదు. సాయంత్రం మళ్లీ వస్తానని చెప్పి పక్కింటికి పోయింది. సాయంత్రం వచ్చేసరికి తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. మూడుసార్లు పిలిచింది. ఎవరూ పలకలేదు.