అరవై మాటల్లో పన్నెండు ఇళ్ళు

రాయగడలో ముప్పై నాలుగేళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పటికీ ఎవరైనా కాగితం చేతికిస్తే ముందు మాటలు లెక్కపెట్టి, తర్వాత చదువుతాను. మా తమ్ముడి కూతురికి ఈ సంగతి తెలుసు. అది కొరాపుట్‌లో నర్సింగ్ ట్యూటర్. తల్లీబిడ్డల పోషణ మీద అక్కడ రెండు రోజుల సదస్సు పెడుతూ, కార్యదర్శి పని దాని నెత్తిన పెట్టారు. సదస్సు శనివారం మొదలవుతుందనగా ఆ ముందు సోమవారం పొద్దున్నే ఫోను చేసింది.

"అత్తా, మాట్లాడేవాళ్ళు పద్దెనిమిది మంది. అందరి పరిచయాలూ వచ్చేయి. సూస్తే నీకు బీపీ పెరిగిపోతాది."

"పంపించవే అమ్మీ. బీపీ సంగతి నేను సూసుకుంటాను."

చూశాను. అన్నిటికన్నా పెద్దది ఒక సర్జన్‌గారిది, నాలుగువందల పన్నెండు మాటలు. స్కూల్లో వచ్చిన బంగారు పతకం దగ్గర మొదలై, తిరిగొచ్చిన దేశాల జాబితాతో ముగుస్తుంది. అన్నిటికన్నా చిన్నది కొల్నార నర్సుది, ఇంగ్లీషులో ఏడు మాటలు: కొల్నారలో స్టాఫ్ నర్సును, మిగతాది మీ ఇష్టం, అని. ఒకరు ‘నేను’ అని రాసుకున్నారు, ఒకరు ‘వారు’ అని రాసుకున్నారు, ఒకరైతే మొదటి వాక్యంలో ‘ఆమె’ అని మొదలుపెట్టి మూడో వాక్యానికి ‘నేను’లోకి దిగిపోయారు. ‘సుప్రసిద్ధ’ అన్న మాట తొమ్మిది చోట్ల ఉంది. తొమ్మిదిమంది సుప్రసిద్ధులే అయితే వాళ్ళకి పరిచయాలు ఎందుకు?

సెషన్ల వివరణలు పదకొండు. అవీ అంతే. ఒకటి పరిశోధన వ్యాసం నుంచి కోసి తెచ్చిన ముక్క. ఒకటి ‘రక్తహీనత గురించి మాట’ అని ఊరుకుంది. ఇంకొకటి మొత్తం ప్రశ్నలే, ఆరు ప్రశ్నలు, జవాబు ఒక్కటీ లేదు.

సదస్సులో పంచే ఇంగ్లీషు పుస్తకం పదహారు పేజీలు. అట్ట నాలుగు, స్వాగతం ఒకటి, సమయాల పట్టిక ఒకటి, పరిచయాలు ఆరు, సెషన్లు నాలుగు. పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగేసి చొప్పునే పెరుగుతాయి, ఒక్కటి పెంచడానికి కుదరదు. ఆరు పేజీల్లో పద్దెనిమిది మందంటే పేజీకి ముగ్గురు. ఫోటో పోగా ఒక్కొక్కరికి అరవై మాటలు. రెండు మాటలు అటూ ఇటూ పరవాలేదు.

ఒక కాగితం మీద నియమాలు రాసి మా అమ్మికి పంపాను. పేరు ముందు. తర్వాత ఇప్పుడు చేస్తున్న పని, ఊరు. తర్వాత చేసిన పనుల్లో ఈ సదస్సుకి సంబంధించినవి. అందరికీ ‘ఆమె’ లేదా ‘ఆయన’, ‘నేను’ వద్దు. పొగడ్త మాటలు వద్దు. డాక్టరు అన్నది పేరు ముందు ఒక్కసారి. పది దాకా అంకెలు అక్షరాల్లో, పది దాటితే అంకెల్లోనే. సెషన్లకి యాభై మాటలు, మూడు వాక్యాలు: సమస్య ఏమిటి, వచ్చినవాళ్ళు ఏం నేర్చుకుంటారు, ఎవరికి ఉపయోగం.

మంగళవారం సాయంత్రానికి అన్నీ కొలతకి వచ్చాయి. సర్జన్‌గారిని అరవైకి దించేసరికి మూడువందల యాభైరెండు మాటలు పోయాయి. ఆయన మా అమ్మికి ఫోను చేసి, "మీ అత్తగారు దర్జీనా, కసాయా?" అని అడిగారట. పతకం ఒక్కటీ ఉంచితే ఒప్పుకుంటానన్నారు. ఉంచాను. నాలుగే మాటలు కదా.

మార్చినవన్నీ ఎవరివి వాళ్ళకి పంపి, బుధవారం మధ్యాహ్నానికి సరేనని జవాబు తీసుకోమన్నాను. పదిహేడు జవాబులు వచ్చాయి. రానిది ఒక్కటే. పొట్టంగి వైపు కొండ ఊళ్ళో పాతకాలపు చోళ్ళ, అంటే రాగుల, విత్తనాలు కాపాడే ఆమెది. శనివారం మొదటి సెషన్ ఆమెదే. ఆమెకి చదువు రాదు. తన సంగతులు ఫోనులో చెబితే మా అమ్మి ఇంగ్లీషులో రాసింది.

"ఆవిడ సదవలేదు కదత్తా. ఒదిలెయ్యి."

"సదవలేకపోతే వినలేదా ఏటి? నంబరియ్యి."

గురువారం పది గంటలకి, పుస్తకం అచ్చేసే ప్రెస్సులో కూర్చుని ఆమెకి ఫోను చేశాను. ప్రెస్సు ఆయనది విజయనగరం వైపు కుటుంబం. నేను వస్తే కుర్చీ తుడిచి వేస్తారు, ఆ పైన లోపల్లోపల భయపడతారు. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉండబట్టి, ఇక్కడి కొండ ఊళ్ళ భాష దేశియా నాకు బాగానే వచ్చు. పరిచయం ఒక్కొక్క వాక్యం దేశియాలోకి మార్చి చదివాను: ఆమె తొమ్మిది రకాల చోళ్ళ విత్తనాలు కాపాడింది. ఆమె ఆ విత్తనాలు చుట్టుపక్కల ఊళ్ళకి ఇచ్చింది.

మూడో వాక్యం మొదలుపెట్టబోతే ఆమె అడ్డొచ్చింది.

"దీదీ, అది ఎవరు?" అంది.

"నువ్వే."

"నేను కాదు. మా ఇంట్లో ఉన్నది రెండు రకాలే. మిగతా ఏడూ మిగతా ఇళ్ళవి. నేను ‘మేము’ అని చెప్పాను. దీన్ని ‘ఆమె’ ఎవరు చేశారు?"

చేసింది నేను. మా అమ్మి రాసి పంపిన కాగితం తీసి చూశాను. అన్ని వాక్యాల్లోనూ ‘మేము’ అనే ఉంది, ఊళ్ళో పదకొండు ఇళ్ళని కూడా ఉంది. ‘నేను’ కనబడితే ‘ఆమె’ చెయ్యమన్న నియమం నాది. ‘మేము’ కనబడినా చేత్తో అలాగే కొట్టేశాను. బళ్ళో పిల్లలు ఇలాంటి తప్పు చేస్తే ఎర్ర సిరాతో గీత గీసేదాన్ని.

"నేను రాను దీదీ," అంది ఆమె. గొంతులో కోపం లేదు, లెక్క చెబుతున్నట్టుగా ఉంది. "ఆ పుస్తకం మా ఊరికి వస్తుంది. చదివే పిల్లలున్నారు, చదివి చెబుతారు. వానలు పడగానే నేను ఏ ఇంటికి పోయి విత్తనం అడగను? ‘అన్నీ నీవే కదా, నీ ఇంట్లోవే జల్లుకో’ అంటారు. రెండు రకాలతో నా పొలం నిండదు."

అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. మార్చి మళ్ళీ చేస్తానని చెప్పి ఫోను పెట్టేశాను.

"ప్లేటు ఎక్కించీమంటారా టీచరమ్మగారూ?" అన్నారు ప్రెస్సు ఆయన.

"ఆపండి. ఎన్నింటి దాకా ఆగ్గలరు?"

"ఏటండీ మళ్ళీ! మూడింటి దాకా ఆపుతాను. దాటితే పెళ్ళి కార్డులు ఎక్కిపోతాయి. పెళ్ళికూతురు తండ్రి మీకన్నా గట్టోడు."

మా అమ్మికి ఫోను చేశాను. "ఆవిడకి ఒక్కదానికీ ‘మేము’ ఉంచీద్దాం అత్తా," అంది. నేను ఒప్పుకోలేదు. పదిహేడు మంది ఒక తీరుగా ఉండి ఆమె ఒక్కతీ వేరుగా ఉంటే, చదువులేని మనిషి కదా పోనీలే అని వదిలేసినట్టు కనబడుతుంది. ఆమె అడిగింది దయ కాదు, నిజం. ఆ నిజం నేను పెట్టిన మూసలో పట్టకపోతే తప్పు మూసదే. మూస మార్చాలి.

"అందరికీ ఆఖర్ని ఒక వాక్యం కలుపుదాం," అన్నాను. "ఈ పని ఎవరితో కలిసి చేస్తున్నారో. మొత్తం అరవై దాటకూడదు."

"పద్దెనిమిది మందికా! మూడింటిలోపలా! అత్తా, సర్జన్‌గారు నన్ను కోసీగలరు."

"కోస్తే కుట్టడం కూడా ఆయనకే వచ్చు. నువ్వు మెసేజి పెట్టు. జవాబు రానివాళ్ళకి ఫోను చెయ్యి. మనంతట మనం కల్పించి రాయకు."

పన్నెండుకల్లా పదకొండు జవాబులు వచ్చాయి. కొల్నార నర్సుకి మొన్న తన గురించి ఏడు మాటలకి మించి దొరకలేదు. ఇప్పుడు మాత్రం ఇద్దరు ఆశా కార్యకర్తల పేర్లూ, అంబులెన్సు డ్రైవరు పేరూ రాసి పంపింది. రాత్రిళ్ళు ఘాట్ రోడ్డు మీద ఆయన బండి ఎలా తోలుతాడో కూడా రాసింది. అది తీసెయ్యాల్సి వచ్చింది. ఒక ప్రొఫెసరుగారు ఎవరూ లేరని రాశారు. మా అమ్మి ఫోను చేసి లెక్కలు కట్టిన ఇద్దరు విద్యార్థుల సంగతి అడిగితే, అవును కదా అన్నారట.

రెండున్నరకి సర్జన్‌గారొక్కరే మిగిలారు. ఆయన నేరుగా నాకే ఫోను చేశారు.

"మేడమ్, ఎంతమందిని రాయొచ్చు?"

"అరవైలో పట్టినంతమందిని. ఇప్పుడు మీది సరిగ్గా అరవై ఉంది. ఒకటి పెట్టాలంటే ఒకటి తియ్యాలి."

"పతకం తీసెయ్యండి. అది లేదని ఎవరూ అడగరు. మా థియేటర్ సిస్టర్ పేరు లేకపోతే సోమవారం నాకు కత్తెర ఎవరందిస్తారు?"

నాలుగు మాటలు పోయి నాలుగు మాటలు వచ్చాయి. ఆయనతో నాకు ఇక పేచీ లేదు.

అప్పుడు పొట్టంగికి మళ్ళీ ఫోను చేసి చదివాను: ఆమె పాతకాలపు చోళ్ళ విత్తనాలు కాపాడే పనిలో ఉంది. ఆమె ఇంట్లో రెండు రకాలున్నాయి. ఊళ్ళో పదకొండు ఇళ్ళూ కలిసి తొమ్మిది రకాలు కాపాడుతున్నాయి.

"అందరికీ ఇలాగే రాశావా, నాకొక్కదానికేనా?"

"అందరికీ. పెద్ద డాక్టరుకి కూడా."

"అయితే ఇంకొకటి. పదకొండు పోయిన వానల నాటి లెక్క. మొన్న కోతల తర్వాత మా మరిది పెళ్ళాం వేరు పొయ్యి పెట్టుకుంది. ఇప్పుడు పన్నెండు."

నా ప్రాణం లేచొచ్చింది. చదివి వినిపించకపోయి ఉంటే ఆ పన్నెండో ఇల్లు పుస్తకంలో ఉండేదే కాదు. పదకొండు తీసి పన్నెండు వేశాను. మాటల సంఖ్య మారలేదు. మూడుకి ఎనిమిది నిమిషాలుండగా ప్రెస్సు ఆయనకి ఇచ్చాను. "పెళ్ళికూతురి తండ్రి గెలవలేదండీ," అని నవ్వారు.

శనివారం కొరాపుట్ వెళ్ళాను. ఆమె ముందు వరసలోనే కూర్చుని ఉంది, ఒళ్ళో సంచీ. నేనే దీదీనని చెబితే నా చెయ్యి పట్టుకుని, "ఎక్కడుంది చూపించు," అంది. ఆరో పేజీ తీశాను. ఇంగ్లీషు వరసల మీద వేలు ఒక్కొక్కటే జరుపుకుంటూ పోయి ఒక చోట ఆపింది. పది దాటితే అంకెల్లో రాయాలన్న నియమం వల్ల అక్కడ 12 అని ఉంది. ఫోను నొక్కే మనిషికి ఆ అంకెలు తెలుసు.

"పన్నెండు," అంది తనంతట తనే. ఇంకోసారి చూసుకుంది. "సరిపోయింది. ఇంక ఊరికి పోవచ్చు."

"ముందు మాట్లాడి పో," అంది మా అమ్మి. అందరం నవ్వాం. ఆమె సంచీలోంచి తొమ్మిది చిన్న మూటలు తీసి బల్ల మీద వరసగా పెట్టింది. ఏ మూట ఏ ఇంటిదో చెబుతూ మాట్లాడటం మొదలుపెట్టింది. నేను పెన్ను మూత పెట్టి సంచీలో వేసుకున్నాను.