మిణుగురులకు రుజువు

సాయంత్రం వేళ జనం తీసి పంపిన ఫొటోలు చూసి, ఇది మిణుగురు, ఇది కాదు అని విడదీయడం నా ఉద్యోగం. ఈ దీవుల్లో మేముండే గరాచర్మ నుంచి బస్సులో ఆఫీసుకు వెళ్లి పగలంతా ఇదే పని చేస్తాను. "పురుగులకి పేర్లెట్టడానికి ఎమ్మెస్సీ ఎందుకే?" అని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. ఆమెకు జవాబు చెప్పడం ఎప్పుడో మానేశాను.

పూర్తిగా చీకటి పడితే మిణుగురును ఎవరైనా గుర్తు పడతారు. చిక్కంతా మునిమాపులోనే. ఆ వేళకు మెత్తటి రెక్కల పెంకుపురుగులు ఇంకా చాలానే ఆకుల మీద ఉంటాయి. వాటిలో ఒకదాన్ని మేం సిపాయి పురుగు అంటాం. పొడుగ్గా, సన్నగా అచ్చం మిణుగురులాగే ఉంటుంది, కానీ పైనుంచి చూస్తే తల బయటికి కనిపిస్తుంది. మిణుగురుకు మెడ మీది రేకు ముందుకు సాగి, తలను ముసుగులా కప్పేస్తుంది. తిరగేస్తే పొట్ట చివర దీపం ఉండే చోటు తెల్లగా పాలిపోయి కనిపిస్తుంది. సిపాయికి ఆ దీపం లేదు.

శరీరం కనబడకపోతే వెలుగు గీతలు చూస్తాం. కెమెరాను కదలకుండా పెట్టి అర నిమిషం తెరిచి ఉంచితే, ఎగిరే మిణుగురు ఆకుపచ్చ పసుపులో ముక్కలు ముక్కలుగా గీత గీస్తుంది. వెలిగినప్పుడు గీత, ఆరినప్పుడు ఖాళీ. టార్చి వెలుగులో అడ్డంగా పోయే మామూలు పురుగు కూడా గీత గీస్తుంది గానీ, అది టార్చి రంగులోనే, రెక్క కొట్టినప్పుడల్లా అల తిరుగుతూ, ఖాళీ లేకుండా సాగుతుంది. టార్చి వెలుగు దాటితే మాయమవుతుంది. ఒకసారి చెబితే చాలు, ఎవరికైనా తెలిసిపోతుంది.

మాయాబందర్ దగ్గరి క్రీక్ అనే ఉప్పునీటి పాయలో డింగీ పడవ నడిపే బాబాయ్ ఒకాయన ఉండేవాడు. నాకు చుట్టమేమీ కాదు. ఆయన తాత, మా తాత ఒకే ఓడలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారని మా నాన్న చెప్పిన మాటను పట్టుకుని వరస కలుపుకున్నాం. మునిమాపున టూరిస్టులను ఎక్కించుకుని, మడచెట్ల మధ్య ఒక చెట్టు దగ్గరికి తీసుకెళ్లేవాడు. ఆ చెట్టు నిండా మిణుగురులు. ఆయన తిండి ఆ చెట్టే.

ఆ ఒడ్డు పొడుగునా పెద్ద లైట్ల స్తంభాలు వేయాలని నిర్ణయించారు. అంత వెలుగులో మిణుగురుల దీపాలు ఒకదానికొకటి కనబడవు. మగ పురుగు పిలుపు ఆడదానికి చేరదు, సంతతి ఆగిపోతుంది. అక్కడ మిణుగురులున్నాయని మా ఆఫీసు తేలిస్తే ఆ స్తంభాలు అవతలి ఒడ్డుకు మారతాయి. అందుకని బాబాయ్ ఫొటోలు పంపాడు.

గీతల ఫొటోలు కళ్లకద్దుకోవాలనిపించేలా ఉన్నాయి. ఊగే డింగీలోంచి తీస్తే ప్రతి వెలుగూ ఒకేలా వంకర తిరుగుతుందని, ఫోన్‌ను ఒడ్డున ఇటుకల మధ్య నిలబెట్టాడు. చెట్టంతా విడివిడి ఆకుపచ్చ గీతలే. అయితే శరీరం ఫొటో కూడా ఉండాలన్నది మా ఆఫీసు నియమం. చీకట్లో మిణుగురు దగ్గర్నుంచి ఫోన్‌కు చిక్కలేదు. అదే చెట్టు మీద సందె వెలుగులో కూర్చున్న ఒకదాన్ని తీసి జోడించాడు. అది సిపాయి పురుగు.

ఆఫీసులో నా పైవాడైన మా సార్ కూడా ఇక్కడే పుట్టిన తెలుగువాడే. మనవాడే కదా అని బాబాయ్ ఆశపడ్డాడు. మనవాడైతే కత్తి ఎక్కడ దింపాలో ఇంకా బాగా తెలుస్తుంది.

స్తంభాల సంగతి తేల్చడానికి మాయాబందర్‌లో సమావేశం పెట్టారు. బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్యతో సహా ముందు వరసలో కూర్చున్నాడు. సార్ తెర మీద సిపాయి పురుగును గోడంత చేసి చూపించాడు.

"తల కనిపిస్తోందా? కనిపిస్తే జుగ్నూ కాదు. ఇన్నేళ్లూ టూరిస్టులకి దీన్నే చూపిస్తున్నావా, భయ్యా? దీని తోకకి టార్చి కట్టేవాడివా?"

హాలంతా పగలబడి నవ్వింది. తండ్రి వయసున్న మనిషిని నువ్వు అనడం ఎవరికీ తప్పనిపించలేదు.

నేను లేచి, గీతలు చూడమన్నాను. మధ్యలో ఖాళీలున్నాయి, రంగు టార్చిది కాదు, చెట్టంతా పరుచుకుని ఉన్నాయి అన్నాను.

"నాకు తెలీదా?" అన్నాడు సార్ నవ్వుతూ. "గీతలు బాగానే ఉన్నాయి. బాడీ ఝూటా. జత తప్పితే మొత్తం తప్పే. కూర్చో."

బాబాయ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సార్, మల్లీ ఒక పాలి ఫోటో తీస్తాను. ఏదో పొరపాటైపోనాది."

"ఫొటోలు వద్దు. సబూత్ తీసుకురా, రుజువు. ఒకటీ రెండూ తెస్తే దారిలో దొరికాయంటారు. సీసా నిండా తీసుకురా, అప్పుడు నమ్ముతా."

మళ్లీ నవ్వులు. ఆ మరునాటి నుంచి జెట్టీ మీద ఆయన పేరు సిపాయి. టీ కొట్టులో పిల్లా పెద్దా అందరూ సెల్యూట్ కొట్టేవారట.

బయట నేను ఆయన చెయ్యి పట్టుకుని చెప్పాను. ఒక్కదాన్ని గాజు గ్లాసులో పెట్టి, కింద నుంచి ఫొటో తీసి వదిలేయండి, సార్ ఎగతాళికి అన్నాడు అని. బాబాయ్ నా మాట విన్నాడో లేదో తెలీదు. ఆయన భార్య మాత్రం, "అంతమందిలో నవ్వినారమ్మా. ఒకటి సూపిత్తే ఆల నోల్లు మూతపడతాయేటి?" అంది.

తనిఖీకి మేం వెళ్లిన సాయంత్రం అమావాస్య దగ్గర్లో ఉంది. అంటే చూడడానికి మంచి చీకటి. బాబాయ్ జెట్టీ మీదే సార్ చేతిలో సీసా పెట్టాడు. పచ్చళ్ల సీసా, మెడ దాకా నిండి ఉంది. అన్నీ చచ్చిపోయి ఉన్నాయి. దోమతెరతో వల కుట్టి, మొగుడూ పెళ్లాం రోజూ సాయంత్రాలు ఆ చెట్టును దులిపారు. సార్ ఒకదాన్ని తీసి తిప్పి చూశాడు. తల రేకు కింద దాగి ఉంది. పొట్ట చివర తెల్లటి భాగం స్పష్టంగా ఉంది.

"అచ్ఛా. అసలైనవే," అన్నాడు.

బాబాయ్ ముఖం వెలిగింది. నేను సీసాలోని వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టి మానేశాను.

డింగీలో చెట్టు దగ్గరికి వెళ్లాం. ఇంజను ఆపి కూర్చున్నాం. దోమలు పీక్కుతిన్నాయి, చీకటి చిక్కబడింది. చెట్టు నల్లగా నిలబడి ఉంది. చాలాసేపటికి కింది కొమ్మలో ఒక్కటి వెలిగి, ఆరి, మళ్లీ వెలిగింది. దానికి మరొకటి బదులివ్వలేదు.

"ఇయ్యాల సలి, సార్. రేపు సూడండి," అన్నాడు బాబాయ్. చలేమీ లేదు. "మొన్నటిదాకా సెట్టు నిండా ఉండీవి. నానే సూసినాను."

"నువ్వే కదా పట్టుకున్నావు," అన్నాడు సార్.

నాకు ఆ మనిషిని నీళ్లలోకి తోసేయాలనిపించింది. తోయలేదు. ఈత వచ్చినవాడే, ఏమీ అయ్యేది కాదు.

తిరుగు దారిలో బాబాయే ఇంజను తిప్పాడు. జెట్టీ దగ్గర సార్‌కు చెయ్యి అందించి, జాగ్రత్తగా ఒడ్డు ఎక్కించాడు. ఎక్కించి, ఆ చెయ్యి వదలకుండా అడిగాడు.

"ఇప్పుడు నమ్మినారా, సార్?"

"నమ్మాను," అన్నాడు సార్, సీసా సంచిలో పెట్టుకుంటూ. "ఇక్కడ ఉండేవని రాసుకుంటాం."