డబ్బా మాత్ర, పెట్టె మాత్ర

బోధన్‌లో మందులమ్మే గులాం దస్తగీర్‌కు ఒక జబ్బుండేది. ఆ జబ్బుకు ఆయన దుకాణంలోనే మందు లేదు. ఎవరైనా వచ్చి "ఎర్ర పెట్టె మాత్ర ఇయ్యి భాయ్" అని అడిగితే చాలు, ఆయనకు ఒళ్లు మండేది. పెట్టెలో ఏముందో వాళ్లకు తెలియదు, పెట్టె రంగు మాత్రం తెలుసు. వెంటనే కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి పాఠం మొదలుపెట్టేవాడు.

"అరే, మందు అంటే లోపలున్నది. పైన పేరు షేర్వానీ. షేర్వానీ తొడుక్కుంటే మనిషి మారుతడా?"

పదేళ్లు సర్కారు దవాఖానల్లో కాంపౌండరుగా చేసి, ఆ తర్వాత సొంత దుకాణం పెట్టుకున్న మనిషి. వెయ్యేసి మాత్రల రేకు డబ్బాలు తెప్పించి, కాగితం పొట్లాల్లో కట్టి ఇచ్చేవాడు. డబ్బా మీద కంపెనీ పేరు చిన్న అక్షరాల్లో, మందు పేరు పెద్ద అక్షరాల్లో ఉండేది. ధర, పెట్టెలో వచ్చే మాత్ర ధరలో మూడో వంతే. జ్వరానికి, విరేచనాలకు, పుండ్లకు ఆయన పొట్లాలే బోధన్ చుట్టుపక్కల చెరుకు పల్లెలన్నింటికీ దిక్కు. అవి పని చేసేవి కూడా. రుద్రూర్ నుంచి ఒకామె తన బిడ్డ జ్వరం తగ్గిందని సోలెడు పెసలు తెచ్చిచ్చింది. గులాం ఆ పెసలను వారం రోజులు గల్లా పక్కనే పెట్టుకుని, వచ్చినవాళ్లందరికీ చూపించాడు. మనిషి మంచివాడే, కాస్త డప్పు కొట్టుకునే రకం.

అలాంటి మనిషి దగ్గరికి 1973లో రాధాబాయి వచ్చింది. చెరుకు కొట్టే ముఠాలో పని. మొగుడు భీమన్న నరుకుతాడు, ఆమె ఆకు దూసి మోపులు కడుతుంది. చిన్నప్పటి నుంచి ఫిట్స్ ఉండేవి. నిజామాబాదు డాక్టరు ఫెనిటాయిన్ అనే మాత్ర రోజుకు మూడు రాసిచ్చాక, ఏడాది పాటు ఒక్కసారి కూడా రాలేదు. బొంబాయి కంపెనీది, పెట్టెలో వచ్చేది. చెరుకు సీజను అయిపోయి కూలి ఆగిపోయేసరికి ఆ పెట్టె కొనడం భారమైంది.

"మందు మానేస్తనేమో భాయ్" అంది.

గులాం గుండె తరుక్కుపోయింది. "మానుడెందుకు బిడ్డా? నా డబ్బాల గదే మందున్నది. ఫెనిటాయినే. గదే వంద మిల్లీగ్రాములు. పొద్దుగాల ఒకటి, మాపటికి రెండు. ఫికర్ జెయ్యకు."

ఆమె పొట్లం కళ్లకద్దుకుని తీసుకుపోయింది. పదిహేను, పదహారు రోజులు తిరక్కముందే పొయ్యి ముందు ఫిట్స్ వచ్చి పడింది. ముంజేయి కాలింది. అత్త దగ్గరుంది కాబట్టి మొహం దక్కింది.

గులాంకు వచ్చిన మొదటి ఆలోచన అందరికీ వచ్చేదే. "మాత్రలు మర్సిపోయినవ్ బిడ్డా."

"మా పోరని మీద ఒట్టు భాయ్, ఒక్క పూట తప్పలే" అని ఆమె పొట్లం ముందు పెట్టింది. గులాం మాత్రలు లెక్క పెట్టాడు. ఉండాల్సినన్నే ఉన్నాయి. మళ్లీ లెక్క పెట్టాడు. మాత్రలు అబద్ధం చెప్పవు కదా, మరి ఫిట్స్ ఎందుకు వచ్చినట్టు? ఆలోచించి ఆలోచించి, రోగమే ముదిరి ఉంటుందని తేల్చుకున్నాడు. మందు మారలేదు కాబట్టి రోగమే మారి ఉండాలి. ఇంతకన్నా చక్కని తర్కం ఏముంటుంది!

నిజామాబాదు డాక్టరు కూడా ఆమె చేతి మీది కాలిన మచ్చ చూసి, మాత్రలు తప్పలేదని విని, రోజుకు నాలుగు చేశాడు. అది ఏ కంపెనీ మాత్ర అని ఆయన అడగలేదు, ఈమె చెప్పలేదు. డబ్బా మాత్రలు నాలుగు పడ్డాక ఫిట్స్ ఆగిపోయాయి. వానాకాలమంతా హాయిగా గడిచింది. గులాం మళ్లీ కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకున్నాడు.

కార్తీకం వచ్చింది. ఫ్యాక్టరీ గానుగలు తిరగడం మొదలైంది. ముఠాతో కలిసి నవీపేట్ దిక్కు చెరుకు తోటలకు పోవాలి, నెల రోజులకు సరిపడా మాత్రలు కావాలని రాధాబాయి వచ్చింది. డబ్బా అడుగంటింది. కొత్త డబ్బా హైదరాబాదు నుంచి రాలేదు. మందు లేకుండా పంపడం గులాంకు ఇష్టం లేకపోయింది. బీరువాలోంచి బొంబాయి పెట్టెలు తీసి, డబ్బా ధరకే ఇచ్చాడు.

"గీ నెల నీకు షేర్వానీ మందు. రోజుకు నాలుగే, యాదుంచుకో."

ఆ దయే కొంప ముంచింది.

మూడు వారాలకు భీమన్న ఆమెను రెక్క పట్టుకుని దుకాణానికి తెచ్చాడు. రాధాబాయి తూలుతోంది. మాట ముద్దగా వస్తోంది. గల్లా పెట్టెను పట్టుకోబోయి గాలిని పట్టుకుంది.

"కల్లు మరిగింది" అన్నాడు భీమన్న. ఆ గొంతులో కోపం కన్నా సిగ్గు ఎక్కువుంది. "మోపు కట్టబోయి బండి కింద పడబోయింది. ముఠాను నడిపే ముకద్దం బాపురావు పనిలకెల్లి ఎల్లగొట్టిండు. తాగినోళ్లకు తోటల పని లేదన్నడు. నోరు వాసన సూస్తే వస్తలేదు. ఏం తాగుతున్నదో, యాడ తాగుతున్నదో!"

చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది గానీ, గులాం కూడా వంగి వాసన చూశాడు. ఏ వాసనా రాలేదు.

"గులాం భాయ్, నువ్వు ఇద్దరున్నవ్" అంది రాధాబాయి. ఆమె కళ్లు ఒక దగ్గర నిలవకుండా పక్కకు పక్కకు అదురుతున్నాయి. అది కల్లు తాగినవాళ్ల చూపు కాదని ఆయనకు తెలుసు. ఏమిటో మాత్రం తెలియదు. దుకాణం మూసి, ఇద్దరినీ వెంటబెట్టుకుని నిజామాబాదు బస్సెక్కాడు.

డాక్టరు తన వేలిని అటూ ఇటూ కదిపి ఆమె కళ్లు చూశాడు. గోడ వెంట నాలుగడుగులు నడిపించాడు. "మందు ఎక్కువైంది" అన్నాడు.

"కాలేదు డాక్టర్ సాబ్! మీరు రాసినయే నాలుగు. నేనే ఇచ్చిన. ముందుగాల డబ్బాయి, ఇప్పుడు పెట్టెయి. మందు ఒక్కటే."

డాక్టరు కలం కింద పెట్టాడు. ఎప్పుడు ఏవి ఇచ్చావో మొదటి నుంచి చెప్పమన్నాడు. గులాం చెప్పుకుంటూ పోతుంటే, చెబుతున్న తన గొంతే తనకు పరాయిగా వినిపించింది. పెట్టెవి మూడు, బాగుంది. డబ్బావి మూడు, పడిపోయింది. డబ్బావి నాలుగు, బాగుంది. పెట్టెవి నాలుగు, తూలింది.

"మీది చక్కెర ఊరు కదా" అన్నాడు డాక్టరు. "పటికబెల్లం గడ్డ, చక్కెర, రెండూ ఒకటే తీపి. నీళ్లలో వేస్తే ఒకేసారి కరుగుతాయా? మందు ఎంత మెత్తగా నూరారు, ముద్ద కట్టడానికి ఏ పిండి కలిపారు, దాన్నిబట్టి కడుపులో కరిగి రక్తంలోకి ఎక్కేది మారొచ్చు. డబ్బాకు అంటించిన చీటీ మీద వంద అని ఉంటుంది. ఒంటికి ఎంత పడుతుందో చీటీ చెప్పదు."

"అయితే నా డబ్బా నకిలీదా సాబ్?"

"అనలేను. నిజంగా వందే ఉండొచ్చు. పరీక్ష చేస్తే గానీ తెలియదు, ఆ పరీక్ష ఇక్కడ లేదు. డబ్బావి నాలుగు వేసుకున్నన్నాళ్లు ఈమె బాగానే ఉంది కదా?"

"మరి జరం మాత్రలు? గన్నేండ్ల సంది డబ్బాయే ఇస్తున్న!"

"ఇయ్యి. మా ఇంట్లోనూ అవే వాడతాం. అక్కడ కొంచెం అటూ ఇటూ అయినా నష్టం లేదు. ఈ మందు అట్లా కాదు. కొంచెం తగ్గితే ఫిట్స్, కొంచెం పెరిగితే ఈ తూలుడు. ఒక హద్దు దాటాక శరీరం దీన్ని ఖర్చు చేసుకోలేదు, కొద్దిగా ఎక్కువేసినా రక్తంలో చాలా పేరుకుంటుంది. ఏదో ఒకటి పట్టుకుని మార్చకుండా ఉండాలి. మార్చాల్సి వస్తే నాకు చెప్పాలి."

రెండు రోజులు మాత్రలు ఆపి, ఆ తర్వాత పెట్టెవే మూడు వేసుకోమన్నాడు. మళ్లీ ఎప్పుడు రావాలో చీటీ రాసిచ్చాడు.

తిరుగు బస్సులో గులాం తనలో తానే తర్కించుకున్నాడు. మందు ఒకటేనా? ఒకటే. ఒకటే అయితే వేరెట్లా అయింది? వేరైతే జ్వరం మాత్ర ఒకటెట్లా అయింది? ఇరవై ఏళ్లు చెప్పిన పాఠం తప్పని అనుకుందామంటే తప్పు కాదు, ఒప్పని అనుకుందామంటే పక్క సీట్లో రాధాబాయి కిటికీ ఊచ పట్టుకుని ఒరిగిపోతోంది. పూర్తిగా తప్పయినా బాగుండేది, చెంపలేసుకుని ఊరుకునేవాడు.

వారం పది రోజుల్లో ఆమె అడుగు కుదురుకుంది. కానీ బాపురావు పనిలోకి రానివ్వలేదు. సీజను కూలి లేకపోతే ఆ ఇంటికి ఏడాది తిండి లేదు. దానికన్నా పెద్దది, తాగుబోతనే మాట. అత్త ఆ మాట వాడకట్టంతా పంచింది. గులాం పని రోజున మళ్లీ దుకాణం కట్టేసి చెరుకు తోటకు పోయాడు. నరుకుతున్నవాళ్లు చుట్టూ మూగారు.

"తప్పు నాది" అన్నాడు. "ఆమె తాగలే. డబ్బా మందుకు సరిపోయిన లెక్కన పెట్టె మందు ఇచ్చిన. గందుకే తూలింది."

బాపురావు తలపాగా సర్దుకున్నాడు. కోపం లేదు, ఓపిగ్గానే అడిగాడు. "రెండిట్ల మందు వేరా భాయ్?"

"ఒక్కటే."

"బరువు వేరా?"

"గదీ ఒక్కటే."

"మరి తప్పెట్లయితది? పేరు షేర్వానీ, లోపటిది ఒక్కటే అని నా బామ్మర్దికి జెప్పింది నువ్వు గాదా? మా వాడకట్టుల నీ పొట్లం లేని ఇల్లున్నదా? ఆడమనిషి మీద జాలి పడి అబద్ధమాడుతున్నవ్. మంచోనివి, పో."

అందరూ నవ్వారు. గులాం పటికబెల్లం అన్నాడు, పిండి అన్నాడు, రక్తం అన్నాడు. సగం అర్థమైన సంగతిని ఇంకొకడికి అర్థం చేయించడం ఎవరి తరం? చెప్పేకొద్దీ తన మాటలు తనకే కట్టుకథలా తోచాయి. ఆయన్ని ఓడించింది బాపురావు కాదు, ఇరవై ఏళ్ల గులాం దస్తగీరే.

గట్టు మీద రాధాబాయి నిలబడి ఉంది. ఆయన ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

"నమ్మలే బిడ్డా."

"ఇన్న."

"రేపు డాక్టరుతోని నువ్వు తాగలేదని చీటీ రాయించుకొస్త. గది సూస్తె..."

"తే భాయ్. ఆళ్లు నమ్మినా మంచిదే, నమ్మకున్నా మంచిదే." "అందరు తాగినవ్ తాగినవ్ అంటుంటే, ఎప్పుడో నాకు తెల్వకుంటనే తాగుతున్ననేమో అనుకున్న. నన్ను నేనే నమ్మకపోతి. రోజూ నా నోరు నేనే వాసన సూసుకున్న భాయ్."

గులాం గట్టు మీద కూలబడ్డాడు. యాభై ఏళ్లు దాటిన మనిషి, అంతమంది కూలీలు చూస్తుండగా, రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు.