అరవై ఫ్రేముల కొసరు

కిరాణా కొట్టు ఇంట్లో పుట్టినవాణ్ణి. బేరం ఎంత గట్టిగా ఆడినా, చివర గుప్పెడు కొసరు వేయకపోతే చెయ్యి ఊరుకోదు. కూకట్‌పల్లిలో వీడియో ఎడిటింగ్ షాపు పెట్టాక కూడా ఆ బుద్ధి పోలేదు.

గచ్చిబౌలిలో సెక్యూరిటీ గార్డుగా చేసే ఒకాయన, చనిపోయిన భార్యను ఫోన్‌లో తీసిన వీడియోలు తెచ్చి, మూడు నిమిషాల వీడియోగా కలపమన్నాడు.

"వీడియోల వెబ్‌సైటుల పెట్టాలె అన్నా. ఊర్ల మా అత్తమ్మకు ఫోన్ల గూడ పంపాలె. మంచం దిగలేదు, బిడ్డ మొఖం చూస్తనంటున్నది."

సైటు కోసం 1080 రిజల్యూషన్‌లో, సెకనుకు అరవై ఫ్రేములతో, సెకనుకు బోలెడు డేటా పట్టే భారీ బిట్‌రేటుతో ఫైలు తీశాను. అసలు వీడియోలు ముప్పై ఫ్రేములవే. మిగతా ముప్పై నా కొసరు. అదే ఫైలును మెసేజింగ్ యాప్‌లో ఆయన అత్తగారికీ పంపించాను.

మర్నాడు ఆయన వచ్చాడు.

"సైటుల మంచిగనే ఉంది. ఫోన్లనే అత్తమ్మ గుర్తువట్టలే. గిది నా బిడ్డ గాదన్నది."

అంత పెద్ద ఫైలును యాప్ తనకు తానే నొక్కి, సైజు తగ్గించేసింది. ఆమె కూతురి ముఖమంతా గళ్లు గళ్లుగా చెదిరింది. గొప్ప దాతనని మురిసిన నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఈసారి 720లో, ముప్పై ఫ్రేములతో, సెకనుకు రెండు మెగాబిట్ల చిన్న బిట్‌రేటుతో తీశాను. యాప్‌కు నొక్కడానికి పెద్దగా ఏమీ మిగల్చలేదు. ముందు నా ఇంకో ఫోనుకు పంపి చూసుకుని, తర్వాతే ఆయన అత్తగారికి పంపాను.

ఆయన ఆమెకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి అడిగాడు: "కనవడ్డదా అత్తమ్మా?"

అటునుంచి ముసలి గొంతు వినిపించింది.

"ముక్కుపుడక గూడ కనవడుతున్నది అయ్యా. మల్లా మొదటి నుంచి ఎట్ల పెట్టాల్నో చెప్పు."