గగన్‌పహాడ్ మనిషికిచ్చిన అప్పు

2014లో ఎయిర్‌పోర్ట్ కార్గోలో పనిచేస్తూ, జనం సొమ్మును నేరుగా జనానికే అప్పిప్పించే వెబ్‌సైట్‌లో యాభై వేలు పెట్టాను. వడ్డీ బ్యాంకు డిపాజిట్‌కు రెట్టింపు. అప్పు అడిగేవాళ్ల జాబితాలో మా ఎయిర్‌పోర్ట్ పక్కనున్న గగన్‌పహాడ్ పేరు కనబడగానే, మనవైపు మనిషే కదా అని మొత్తం అతనొక్కడికే ఇచ్చాను.

మూడు కిస్తీలు కట్టి మానేశాడు. వెళ్లి చూస్తే ఇంటికి తాళం. వెబ్‌సైట్‌వాళ్లు, "మేం ఇద్దర్నీ కలిపేవాళ్లం మాత్రమే, నష్టం మీదే" అన్నారు.

బ్యాంకులో పనిచేసే మా అక్క మండిపడింది. "డిపాజిట్ అయితే ఎగ్గొట్టినోని నష్టం బ్యాంకు మోస్తది. బాండ్ ఫండ్ల అయితే పైసలు శానా కంపెనీలకు అప్పిస్తరు, ఒకటి ముంచినా జరంతే తగ్గుతది. నువ్వేంది, అంతా ఒక్కని చేతుల పెట్టినవ్?"

నేను మొండిదాన్ని. దాచుకునేది అక్క చెప్పినట్టే డిపాజిట్‌లో వేశాను. పోయినా తట్టుకోగలిగినంత మాత్రం మళ్లీ ఆ వెబ్‌సైట్‌లోనే, ఈసారి ఊరి పేరు చూడకుండా ఇరవై మందికి పంచాను. వాళ్ల ఊళ్లలో నేను చూసింది ఒక్కటీ లేదు.