ఆకుపచ్చ గడుల్లో మనిషి

బొంగులూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దిగే ప్రతి మూడో కారులో నా గొంతు మోగేది. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కట్ట మీద కూర్చుని నేను చెప్పే కబుర్ల కోసం ప్లాట్లు కొనడానికి వచ్చినవాళ్ళు స్థలం చూడటం మానేసి నన్ను చూసి పోయేవారు. యూట్యూబ్‌లో మా ఛానెల్ నిలబడిందంటే నా వల్లే.

ఛానెల్ అంటే ముగ్గురం. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరై, కోస్తా నుంచి వచ్చి ఇక్కడి వెంచర్‌లో ఇల్లు కట్టుకున్న నేను. ఆ చెరువులోనే వల వేసి బతికిన నా స్నేహితుడు. కెమెరా వెనక మా కోడలు. సిటీలో ఒక ప్రకటనల కంపెనీలో ఆమె పని ఇదే. ఎవరి వీడియోలు ఎప్పుడు వెళ్ళాలో నెల ముందే పట్టిక వేసిపెట్టడం.

మా పట్టిక కూడా ఆమే వేసేది. నెలాఖరు ఆదివారం భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ తెరిచి, గడిచిన మూడు నెలల లెక్కలు ముందు పెట్టుకునేది. ఎంతమంది నొక్కారు, నొక్కినవాళ్ళు ఎంతసేపు ఉన్నారు, ఉన్నవాళ్ళు మళ్ళీ వచ్చారా. ఒక్కో వీడియోను కాదు, ఒక్కో తరహాను కుప్పగా పోసి చూసేది. డ్రోన్‌తో తీసిన చెరువును చాలామంది నొక్కేవారు, అర నిమిషంలో వెళ్ళిపోయేవారు. చెరువు నిండి అలుగు పారిన రోజు వీడియోను జనం విపరీతంగా చూస్తే నేను మీసం దువ్వాను. "అవి వాన తెచ్చిన చూపులు మావయ్యగారూ, మనవి కావు," అని దాన్ని లెక్కలోంచి పక్కన పెట్టింది. గెలిచిన తరహాకు ఆకుపచ్చ గడి, కొత్త ప్రయోగానికి పసుపు గడి. పదింటిలో ఏడు ఆకుపచ్చవి, మిగతావి పసుపువి. అన్నీ ఆకుపచ్చవైతే జనానికి మొహం మొత్తుతుంది, అన్నీ పసుపువైతే మనం ఎవరమో మరిచిపోతారు అనేది.

మా ఆకుపచ్చ తరహా ఒక్కటే. కట్ట మీద రెండు కుర్చీలు, మధ్యలో బుట్టలో ఒక చేప. నేను ఏదో గొప్ప చెప్పాలి, అతను ఆ గొప్పను ఒక్క మాటతో కోయాలి. ఒకసారి నేను పట్టిన బొచ్చె చేప పొడవు చేతులు చాచి చూపించాను. అతను నా చేతులు రెండూ పట్టుకుని మెల్లగా దగ్గరికి జరుపుతూ పోయాడు. "ఇగ చాలు సారూ. ఇంకింత దగ్గరికొస్తే చేప సచ్చిపోతది," అన్నాడు.

వానాకాలం చివర అతను పోయాడు. వలలు సర్దుతూ ఒడ్డున కూలబడ్డాడట. దవాఖానకు చేరేలోపే అయిపోయింది.

మూడో రోజు సాయంత్రం వాళ్ళ వాకిట్లో ఓ పాతికమందిమి ఉన్నాం. ఒక ఫోన్ మోగింది, వెంటనే ఇంకొకటి, పక్కన మరొకటి. మా ఛానెల్‌లో కొత్త వీడియో వచ్చిందట. నెల మొత్తం ముందే ఎక్కించి తేదీలు పెట్టేశాం. ఆపాలని కోడలికీ గుర్తు లేదు, నాకూ లేదు. ఎవరో చూసుకోకుండా వేలు తగిలించారు. వాకిట్లో అతని నవ్వు వినిపించింది. అందరూ కొయ్యబారినట్టు కూర్చున్నారు. అతని భార్య లేచి వచ్చి, ఆ ఫోన్ తీసుకుని, చివరిదాకా చూసి, తిరిగి ఇచ్చేసింది.

మా ఛానెల్‌లో జనం అన్నిటికంటే ఎక్కువసేపు చూసిన వీడియో అదే అయింది.

అప్పటినుంచి నాకు లెక్కల పిచ్చి పట్టుకుంది. కోడలు ఫోన్‌లో పెట్టిచ్చిన యాప్ తెరిచి, వీడియో నడిచేకొద్దీ ఎందరు మిగిలారో చూపే గీతను చూస్తూ కూర్చునేవాణ్ణి. నేను మాట్లాడుతుంటే గీత జారేది. అతను నోరు తెరవగానే నిలిచేది. అతను నవ్విన చోట చిన్న గుట్టలా లేచేది. జనం వెనక్కి జరిపి మళ్ళీ చూస్తే అలా లేస్తుందని కోడలు చెప్పింది. పోయినవాడు ఇప్పుడు, ఈ నిమిషంలో, నాకు తెలియని ఏదో ఇంట్లో మళ్ళీ మళ్ళీ నవ్వుతున్నాడు. మధ్యాహ్నం కునుకు పట్టబోతే ఆ గుట్టే కళ్ళముందు లేచేది.

ఇక్కడ ఒప్పుకోవాలి. ప్రతి మూడో కారు అన్నది అబద్ధం. టోల్ దగ్గర ఒకే ఒక్కడు నన్ను గుర్తుపట్టాడు. "ఆ చేపలన్న పక్కన కూసునే సారు గదా మీరు?" అన్నాడు. ఛానెల్‌ను నిలబెట్టింది నేను కాదు.

తీసి, వేయకుండా మిగిలిన వీడియోలు కొన్నే ఉన్నాయి. అవి అయిపోతే అతను రెండోసారి పోతాడని నా భయం. పట్టికలో ఆకుపచ్చ గడులంటే గెలిచినవాటిని మళ్ళీ వేయడమే కదా, పాతవే తిప్పి తిప్పి వేద్దామన్నాను. ఇన్నాళ్ళూ నేను అలాగే అర్థం చేసుకున్నాను.

కోడలు పట్టికను నా వైపు తిప్పింది. మళ్ళీ చేయాల్సింది తరహాను గానీ వీడియోను కాదంది. చూసిందే చూపిస్తే గీత మొదట్లోనే పడిపోతుందని, అప్పుడు ఆయన మాట కూడా ఎవరూ ఆగి వినరని చెప్పింది. మిగిలినవాటిని నెలకొకటి చొప్పున, వాళ్ళింట్లో అడిగి, ఆయన లేరని ముందే రాసి వేద్దామంది. మిగతా ఆకుపచ్చ గడులను ఖాళీగా వదిలేసింది. అలా తెల్లగా ఉన్న నెలను నేను అంతకుముందు చూడలేదు.

అడగడానికి ఇద్దరం వెళ్ళాం. అతని భార్య వీడియోలకు సరే అంది. బయల్దేరబోతూ కోడలు వాకిట్లో ఆగి, పసుపు గడిలో ఒక ప్రయోగం చేద్దామా అని ఆమెనే అడిగింది. అదే కట్ట, అవే కుర్చీలు, అదే రోజు, అదే గంట, మధ్యలో చేప. ఆయన కుర్చీలో ఆమె, మనిషి ఒక్కరే మారాలి. మిగతావన్నీ కదిలిస్తే ఏది పనిచేసిందో తెలియదట. ఒక్కదానితో తేల్చకుండా మూడు చేసి చూద్దామంది. నేను వద్దనబోయాను. ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోవడం నేను చూడలేననుకున్నాను.

వీడియో తీసే రోజు ఆమె వచ్చి అతని కుర్చీలో కూర్చుంది. నేను నా గొప్ప మొదలుపెట్టాను. తూము దగ్గర ఒంటిచేత్తో కొర్రమీనును పట్టానని చెప్పాను. ఆమె బుట్టలోని చేపను తిప్పి చూసింది. "ఒక్క చేయి చేపకు పోతే, రెండోది మీసం మీదుందా సారూ?" అంది.

అదే విరుపు, మాట చివర అదే ఆగడం. అతను ఆమె నోటితో మాట్లాడుతున్నాడు. మొదటి వీడియోకి గీత కొంచెం జారింది, రెండోదానికి తక్కువ జారింది, మూడోదానికి నిలిచింది. వచ్చే నెల పట్టికలో కోడలు ఆమె గడికి ఆకుపచ్చ రంగు వేసింది. ఆ రంగు చూసినప్పుడల్లా, ఆ కుర్చీ వెనక అతను నిలబడి మాటలు అందిస్తున్నాడనే నాకు అనిపించేది. ఈ రాత ఇక్కడితో ముగిద్దామనుకున్నాను.

ముగించేముందు, ఆమె సంగతి రాశాను కాబట్టి, కట్ట మీదే కూర్చుని ఆమెకు మొత్తం చదివి వినిపించాను. చేపకు పొలుసు తీస్తూ వింది. అతను ఆమె నోటితో మాట్లాడుతున్నాడు అన్న చోట కత్తి ఆపింది.

"ఆయన నా నోట్లకెల్లి మాట్లాడుడేంది? గా మాటలు ముందుగాల నావే. పొద్దుగాల ఇంట్ల నేను ఆయనను అన్నయే, పొద్దుగూకంగ గీడికొచ్చి నిన్ను అంటుండె. గట్ల రాయి."