తాళాలమ్మ చెప్పని అంకె

ఆవిడను అందరూ తాళాలమ్మ అంటారు. నడుముకు తాళాల గుత్తి ఏమీ ఉండదు. పధ్నాలుగేళ్లుగా ఒక సర్వర్‌కు తలుపు మూసేదీ తీసేదీ ఆవిడే కాబట్టి ఆ పేరు వచ్చింది. పగలు కళ్లజోళ్ల దుకాణంలో ఫ్రేములకు సరిపోయేలా అద్దాలు అరగదీస్తుంది. సర్వర్ పని జీతం లేనిది. పైగా తిట్లు ఉచితం.

ఆ సర్వర్ మీద నడిచేది ఒక చర్చావేదిక. పుట్టుకతోనే ప్రోటీన్ ఒంటికి పడని పిల్లలు కొందరుంటారు. వాళ్లు రోజుకు ఇన్ని గ్రాములంటే అన్నే తినాలి. ఒక్క పూట తప్పితే కొంప మునగదు కానీ, రోజూ తప్పితే ఒంట్లో పేరుకున్న విషం మెదడుకెక్కుతుంది. అలాంటి పిల్లల తల్లిదండ్రులు ఆరువందల మంది అక్కడ కలుసుకుంటారు. ఆవిడ అక్క కొడుకుకి ఆ జబ్బుంది. వాడి కోసమే ఆవిడ ఈ పని నెత్తికెత్తుకుంది. వాడికిప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు, ఇళ్ల ప్లాన్లు గీసే ఉద్యోగం చేస్తున్నాడు. వేదికకు గుండెకాయ లాంటిది పైన అతికించి ఉండే తిండి పట్టిక. ఏ పదార్థంలో వంద గ్రాములకు ఎంత ప్రోటీన్ ఉందో అందులో వరసగా ఉంటుంది. వంటింట్లో తూకం పక్కన ఫోను పెట్టుకుని, దాన్ని చూసే వండుతారు.

మనలో చాలామంది ఏదైనా మరమ్మతుకు "కాసేపు అంతరాయం, చింతిస్తున్నాం" అని ఒక ముక్క పారేసి చేతులు దులుపుకుంటాం. తాళాలమ్మ అలా కాదు. ఎప్పుడు మూస్తానో, ఎందుకు మూస్తానో, ఎంతసేపో చెబుతుంది. పని చెడిపోతే ఏం చేస్తుందో కూడా ముందే రాసిపెడుతుంది. పని మొదలుపెట్టే ముందు రెండు ప్రకటనలు తయారుగా ఉంటాయి. ఒకటి అంతా బాగా జరిగితే, రెండోది జరగకపోతే. "అరిగిన అద్దం మళ్లీ పెరగదు, అందుకని కొలత ముందే రాసుకోవాలి" అంటుంది. ఇంత జాగ్రత్త మనిషిని నేనింకొకరిని చూడలేదు. అంత జాగ్రత్త మనిషీ ఒకసారి తప్పు చేసింది, అది కూడా తొందరపడి కాదు, ఎదుటివాళ్ల సౌకర్యం చూడబోయి.

గురువారం ఆవిడ పెట్టిన ప్రకటన ఇది:

"ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండు వరకు వేదిక మూసి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కు మారుస్తున్నాను. పాత వెర్షన్‌కు భద్రతా మరమ్మతులు ఈ నెలతో ఆగిపోతున్నాయి, అందుకే తప్పదు. ఆ రెండు గంటలూ చదవడం, రాయడం రెండూ కుదరవు. వంటకు కావలసిన అంకెలు ముందే కాగితం మీద రాసుకోండి. మార్పు విఫలమైతే పాత వెర్షన్‌నూ, ముందు తీసిన నకలునూ తిరిగి పెడతాను. సమాచారం వేరే సైటులో ఉన్న స్టేటస్ పేజీలో కనబడుతుంది. దుకాణం ఫోను నంబరు కూడా అక్కడే ఉంది."

ఆవిడ పద్ధతి ప్రకారం ముందు తలుపు మూయాలి, తర్వాత మొత్తానికీ నకలు, అంటే బ్యాకప్, తీయాలి, ఆ తర్వాతే మార్పు మొదలుపెట్టాలి. కానీ వేదిక పెరిగి నకలు తీయడానికే రెండు గంటలు పడుతోంది. కిందటిసారి ఆలస్యమైనందుకు జనం దుమ్మెత్తిపోశారు. అందుకని ఈసారి జనం లోపల ఉండగానే ఏడింటికి నకలు తీయడం మొదలుపెట్టి, పదింటికి తలుపు మూసింది. ఏడు గంటల తర్వాత రాసిందేదీ ఆ నకలులో ఉండదని ఆవిడకు తెలియక కాదు. మార్పు ఎప్పుడూ చెడలేదు కదా అనుకుంది. పధ్నాలుగేళ్ల నమ్మకం అలాంటిది మరి.

ఆదివారం దుకాణానికి సెలవు. వెనక గదిలో అరగదీసే యంత్రం పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. అక్క కొడుకు టిఫిన్ డబ్బా తెచ్చి ఎదురుగా కూర్చున్నాడు. కొత్త వెర్షన్ పాత సమాచారాన్ని పదకొండు అంచెల్లో తన రూపంలోకి మార్చుకోవాలి. ఆరో అంచె దగ్గర ఎర్ర అక్షరాలు పడి ఆగిపోయింది. రెండోసారి నడిపినా అక్కడే ఆగింది. సగం మారిన సమాచారాన్ని పాత సాఫ్ట్‌వేర్ చదవలేదు, కొత్తది ముట్టుకోదు. రెంటికీ చెడ్డ రేవడి అయింది.

పన్నెండుకు పది నిమిషాలుండగా రెండో ప్రకటన పెట్టింది. "మార్పు విఫలమైంది. వెనక్కి వెళుతున్నాను." విరిగిన సమాచారాన్ని చెరిపేయకుండా వేరే చోటికి పంపి, పొద్దుటి నకలును ఎక్కించింది. ఒంటిగంటన్నరకు పాత వేదిక మళ్లీ లేచి కూర్చుంది.

"అమ్మయ్య. ఇక తెరిచెయ్ పిన్నీ. ఫోను మోగీ మోగీ వేడెక్కిపోయింది" అన్నాడు అక్క కొడుకు.

"ఆగు. ఏడుకీ పదికీ మధ్య ఏం పోయిందో చూడనీ."

"నలభై పోస్టులు పోయుంటాయి. కొత్త పోస్టులన్నీ అందరికీ ఈమెయిల్‌లో వెళ్తాయి కదా. పంపమంటే పంపుతారు."

"కొత్తవి వెళ్తాయి. దిద్దినవి వెళ్లవు."

పక్కన పెట్టిన విరిగిన సమాచారంలోకి వెళ్లి వెతికింది. పోస్టుల భాగం తెరుచుకోలేదు. ఎవరు ఏ పోస్టును ఎన్నింటికి మార్చారో రాసుకునే చిట్టా మాత్రం తెరుచుకుంది. అందులో ఆ మూడు గంటల్లో ఒకే ఒక్క దిద్దుబాటు ఉంది. ఎనిమిది యాభై రెండుకు తిండి పట్టికను దిద్దారు. దిద్దింది టీచరుగారు, ఆ పట్టికను చూసుకునే రిటైరైన సైన్సు టీచరు. పక్కన "ఒక అంకె సరిచేశాను" అని ఉంది కానీ, ఏ వరసలో ఏం మార్చారో చిట్టా చెప్పదు.

తాళాలమ్మ తెర మీద పట్టిక తెరిచింది. వెనక్కి వెళ్లడమంటే రాసింది పోవడం ఒక్కటే కాదు, దిద్దిన తప్పు మళ్లీ లేచి వచ్చి ఏమీ ఎరగనట్టు పట్టికలో కూర్చోవడం కూడా. మూడువందల పన్నెండు వరసల్లో ఒకటి తప్పు. ఏది తప్పో లోకంలో ఒక్క మనిషికి తెలుసు. ఆ మనిషి ఫోను ఆపేసి ఉంది. సాయంత్రం దాకా రైల్లో ఉంటారని ఆవిడ ఇంట్లోవాళ్లు చెప్పారు.

ఇంతలో దుకాణం ఫోను మోగింది.

"అక్కా, నేను కొత్తగా చేరాను. మా పాపకి ఎనిమిది నెలలు" అంది అవతలి గొంతు. "ఇవాళే మొదటిసారి పాల డబ్బా కాకుండా ఇంకోటి పెడుతున్నా. ఆస్పత్రిలో ఇచ్చిన ప్రత్యేకం పిండి. జావ కాస్తున్నా. పట్టికలో మొన్న చూశాను, సున్నా పాయింట్ ఎంతో ఉంది, గుర్తు రావట్లేదు. పాకెట్ చించి డబ్బాలో పోసేశా, కవరు చెత్తబండిలో పోయింది. ఆ ఒక్క అంకె చెప్పక్కా."

పట్టిక తెర మీద ఆవిడ ఎదురుగానే ఉంది. ఆ పిండి వరస ఎక్కడుందో చూపుడువేలు ముందే వెతికి పట్టుకుంది. చెబితే అర నిమిషం పని.

"చెప్పను తల్లీ" అంది తాళాలమ్మ.

"ఏంటి?"

"అంకె నా ముందే ఉంది. కానీ పట్టికలో ఏదో ఒక వరస తప్పు. ఏదో నాకింకా తెలీదు."

"అన్నిట్లో దీనికే తప్పుంటుందా?"

"ఉండకపోవచ్చు. మూడొందల్లో ఒకటి. అయినా చెప్పను. ఇవాల్టికి ఆ డబ్బా పాలతోనే సరిపెట్టు."

"పన్నెండింటికి తెరుస్తామన్నారు, నాలుగైంది. పైగా ఎదురుగా పెట్టుకుని చెప్పను అంటున్నారు. మూడు నెలలుగా ఈ రోజు కోసం చూస్తున్నానక్కా. పిల్ల మాతో పాటు కూర్చుని తింటుందని ఫోటో తీద్దామని మా ఆయన సెలవు పెట్టాడు. మీకేం, ఫోన్ పెట్టేస్తారు. ఇంత చేతకానిదానికి సర్వర్ ఎందుకు?"

"తప్పు నాదే. నకలు తియ్యాల్సిన వేళకి తియ్యలేదు. తిట్టు, పడతాను. కానీ పెట్టకు."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

అక్క కొడుకు ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకున్నాడు. "పట్టిక తీసేసి మిగతాది తెరువు పిన్నీ" అన్నాడు. "తప్పు పట్టిక కంటే పట్టిక లేకపోవడమే నయం. నేను పెరిగింది దాని మీదే, నాకు తెలుసు."

ఆవిడ అదే చేసింది. నాలుగున్నరకు పట్టికను దాచేసి వేదిక తెరిచింది. పైన మూడో ప్రకటన అతికించింది. ఇది ముందు తయారుచేసుకున్నది కాదు.

"వేదిక తెరిచాను. ఈ ఉదయం ఏడు నుంచి పది వరకు మీరు రాసినవన్నీ పోయాయి. కారణం నేనే. తలుపు మూశాక తీయాల్సిన నకలును ముందే తీశాను. ఆ వేళల్లో మీకు ఈమెయిల్‌లో వచ్చిన పోస్టులు నాకు పంపండి, మళ్లీ పెడతాను. తిండి పట్టికలో పొద్దున దిద్దిన ఒక అంకె పాత తప్పుకు తిరిగిపోయింది. అది ఏదో తేలేవరకు పట్టిక కనబడదు. మీ దగ్గర పాత ప్రతులుంటే వాడకండి. పాకెట్ మీద ఉన్నదే చదవండి. పాకెట్ లేకపోతే ఆ పదార్థం ఇవాళ వద్దు."

సాకు లేదు, సాంకేతిక కారణాలనే ముసుగు లేదు. తప్పు చూపే వేలిని తనవైపే తిప్పుకున్న ఇలాంటి ప్రకటన పెద్ద పెద్ద కంపెనీలు రాయగా నేను చూడలేదు. తిట్లు మాత్రం పడ్డాయి, ఒకాయన ఏకంగా నిర్వహణ కమిటీ కావాలన్నాడు. మరోపక్క పోయిన పోస్టులు ఒకటొకటిగా ఈమెయిల్‌లో వచ్చి పడుతున్నాయి. ఆవిడ అన్నిటికీ అందింది అని జవాబు రాస్తూ కూర్చుంది. టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు.

ఆరింటికి టీచరుగారు ఫోను చేశారు. వెనకాల స్టేషను రొద వినిపిస్తోంది.

"అమ్మాయ్, ఇప్పుడే దిగాను. ఏం మునిగింది? పదిహేనుసార్లు చేశావు."

"పొద్దున పట్టికలో ఏం దిద్దారు టీచరుగారూ?"

"అదా. మంగళవారం కొత్త వరస చేర్చా కదా, చుక్క తప్పు చోట పెట్టాను. ముసలి కళ్లు. నాలుగుకి బదులు సున్నా పాయింట్ నాలుగు పడింది. పొద్దున రైలెక్కే ముందు చూసి సరిచేశా."

"ఏ వరస?"

"ఆస్పత్రివాళ్లు కొత్తగా ఇస్తున్నారే, ఆ ప్రత్యేకం పిండి."

తాళాలమ్మ ఫోను కట్ చేసి, మధ్యాహ్నం వచ్చిన నంబరు వెతికి నొక్కింది. ఆరుసార్లు మోగింది. ఏడోసారికి ఎత్తారు.

"అమ్మా, ఆ పిండే. పట్టికలో ఉన్నదానికి పది రెట్లు. పాపకి పెట్టావా?"

ఆవిడ రెండో చేత్తో బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"సున్నా పాయింట్ ఎంతో కదా, ఏమవుతుందిలే అని గిన్నెలో పోశానక్కా" అంది ఆ అమ్మాయి. "చెంచా కూడా ఎత్తాను. మిమ్మల్ని నోటికొచ్చినట్టు తిడుతూనే ఎత్తాను. అప్పుడు మా ఆయన, ఆవిడ తిట్లు పడి కూడా చెప్పలేదంటే ఏదో ఉంటుందని నా చెయ్యి పట్టుకున్నాడు."

"పెట్టావా, లేదా?"

"పెట్టలేదు."

తాళాలమ్మ ఫోను బల్ల మీద బోర్లించి, రెండు చేతులతో మొహం కప్పుకుని బావురుమంది. అక్క కొడుకు లేచి వచ్చి పిన్ని భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. బోర్లించిన ఫోనులోంచి ఆ అమ్మాయి అక్కా, అక్కా, ఉన్నారా అని పిలుస్తూనే ఉంది.